మూడు నెలల ఇంటర్న్‌షిప్: సీట్ల లెక్క నుంచి ఆఫర్ లెటర్ దాకా

మా కంపెనీ చిన్న సంస్థలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తుంది. అందులో ఇంజనీరింగ్ టీమ్‌లను చూసుకునే పని నాది. ఇంటర్న్‌లు మా దగ్గరికి ఏళ్లుగా వస్తూనే ఉన్నారు. ఎవరో ఒకరి సిఫార్సు మీద రావడం, పాత డాక్యుమెంట్లు సర్దడమో, చేత్తో టెస్టింగ్ చేయడమో చేసి మూడు నెలలకు సర్టిఫికెట్ పట్టుకుని వెళ్లిపోవడం. వాళ్లలో ఎవరైనా మేనేజర్‌కి నచ్చితే ఉద్యోగం. ఎందుకు నచ్చారని అడిగితే మాత్రం సరైన జవాబు వచ్చేది కాదు. దీన్నొక పద్ధతిలో పెట్టమని నాకు అప్పగించారు.

అందరూ సిలబస్ దగ్గర మొదలుపెడదామన్నారు. నేను సీట్ల దగ్గర మొదలుపెట్టాను. మూడు నెలల తర్వాత ఎంతమందికి ఉద్యోగం ఇవ్వగలమో తేలకుండా మిగతా ఏర్పాట్లు ఎంత బాగా చేసినా, చివరికి అది ఊరించి ఉసూరుమనిపించడమే అవుతుంది.

ఫైనాన్స్ హెడ్ ఆలోచన వేరు. "ఎనిమిది మందిని తీసుకుందాం. చివర్లో బాగా చేసిన ఇద్దర్ని ఉంచుకుంటే సరిపోతుంది. మనకి రిస్క్ ఏముంది?" అన్నారు. లెక్క ప్రకారం చూస్తే ఆయన మాట బాగానే ఉంది. కానీ ఎనిమిది మందికి రెండే సీట్లని తెలిసిన మరుక్షణం ఆ పిల్లలు ఒకరికొకరు సాయం చేసుకోవడం మానేస్తారు. దానికంటే పెద్ద నష్టం, ప్రశ్నలు అడగడం మానేస్తారు. అడిగితే తెలియదని అనుకుంటారేమోనని భయం. చిక్కుపడ్డప్పుడు సమయానికి అడుగుతారా లేదా అన్నదే మేం ముఖ్యంగా చూడాలనుకున్నది. పోటీ పెడితే చూడాలనుకున్నదే మాయమవుతుంది. పైగా ఎనిమిది మందికి ఎనిమిది మంది మెంటర్లు కావాలి, మా దగ్గర అంతమంది లేరు.

చివరికి నాలుగు పోస్టులు ముందే మంజూరు చేయించుకుని, నలుగురినే తీసుకున్నాం. ప్రకటనలోనే స్పష్టంగా రాశాం: ఒకరితో ఒకరిని పోల్చం, ముందే రాసిపెట్టిన స్థాయిని అందుకున్న ప్రతి ఒక్కరికీ ఆఫర్ ఇస్తాం, అందుకోలేకపోతే ఆ పోస్టుకు బయట నుంచి తీసుకుంటాం. మధ్యలో కంపెనీ నియామకాలు ఆపేయాల్సి వస్తే ఆ సంగతి అదే వారంలో ఇంటర్న్‌లకు చెప్తామని కూడా చేర్చాం. ఈ వాక్యం హెచ్ఆర్ వాళ్లకు నచ్చలేదు, "ఇది చదివి భయపడతారు కదా" అన్నారు. చదివి ఆలోచించుకునే వాళ్లే రావాలని నా పట్టు.

స్టైపెండ్ నలుగురికీ ఒకటే. కొత్తగా చేరే ఉద్యోగి జీతంలో ఇంత భాగమని ఖాయం చేశాం, బేరాల్లేవు. ఎంపిక గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. అందరికీ ఒకే చిన్న ప్రోగ్రామింగ్ పని, ఒకే సమయం, ఆ తర్వాత అవే ప్రశ్నలతో ఒక ఇంటర్వ్యూ. సిఫార్సులు వచ్చినా వాళ్లూ అదే దారిలో రావాలన్నాం.

అసలు కష్టం పని వెతకడంలో వచ్చింది. ఇంటర్న్‌లకు ఇవ్వదగ్గ పనులు పంపమని టీమ్‌లను అడిగితే వచ్చిన జాబితా చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని పనులన్నీ అందులో ఉన్నాయి. "కొత్త డేటాబేస్ మీద రీసెర్చ్ చేయాలి" అని ఒకరు. "పాత రిపోర్టుల రంగులు మార్చాలి" అని ఇంకొకరు. వీటికి ఒక లక్షణం ఉంది: పూర్తి చేసినా ఎవరూ వాడరు, కాబట్టి బాగా చేశారో లేదో తేలదు. దీనికి పూర్తిగా ఎదురు దిశలో ఒక టీమ్ వచ్చే నెల రిలీజ్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన ఫీచర్‌నే ఇస్తామంది. అది నిజమైన పనే. కానీ గడువు దగ్గరపడగానే మెంటర్ ఓపిక నశించి కోడ్ తనే రాసేస్తాడు, ఇంటర్న్ పక్కన కూర్చుని చూస్తాడు.

అందుకని ప్రతి పనికీ మూడు ప్రశ్నలు పెట్టాను. ఇది పూర్తయిన మర్నాడు దీన్ని వాడే మనిషి ఎవరు? టీమ్ పేరు కాదు, మనిషి కావాలి. రెండోది, ఇది ఆలస్యమైతే ఎవరి రిలీజ్ అయినా ఆగుతుందా? ఆగకూడదు. మూడోది, నాలుగో వారం చివరికల్లా దీంట్లో ఏదో ఒక ముక్క వాడకంలోకి వస్తుందా? రావాలి. పరిమాణానికి కూడా ఒక కొలత పెట్టుకున్నాం. మా అనుభవమున్న ఇంజనీర్ నాలుగు వారాల్లో చేయగల పని ఇంటర్న్‌కి మూడు నెలలకు సరిపోతుంది. కోడ్‌బేస్ అర్థం చేసుకోవడం, రివ్యూలో తిరిగొచ్చినవి సరిదిద్దడం, తప్పుదారి పట్టి వెనక్కి రావడం, ఇవన్నీ మిగతా సమయాన్ని తినేస్తాయి. జాబితాలో చాలా పనులు మొదటి ప్రశ్న దగ్గరే రాలిపోయాయి.

నిలబడిన వాటిలో ఒకటి సెటిల్‌మెంట్ల సరిచూత. మా కస్టమర్లు ఆన్‌లైన్‌లో కట్టిన డబ్బు పేమెంట్ గేట్‌వే ద్వారా వస్తుంది. ఏ రోజు ఎంత జమ చేసిందో గేట్‌వే ఒక ఫైలు పంపుతుంది. దాన్ని మన ఇన్‌వాయిస్‌లతో పోల్చి, సరిపోలని వాటిని పట్టుకోవాలి. ఈ పనిని మా అకౌంట్స్‌లో ఒకావిడ రోజూ పొద్దున్నే స్ప్రెడ్‌షీట్ పెట్టుకుని చేసేవారు. మొదటి ప్రశ్నకు జవాబు ఆవిడే. సాధనం ఆలస్యమైతే ఆవిడ స్ప్రెడ్‌షీట్ ఎలాగూ ఉంది, ఏదీ ఆగదు. ఇక మూడో ప్రశ్న: సరిపోలని ఎంట్రీలను చూపించే ఒక జాబితా మొదటి నెలలోనే ఇవ్వొచ్చు, డేటాని చదవడమే తప్ప దేన్నీ మార్చదు కాబట్టి ప్రమాదమూ లేదు. అవి ఎందుకు సరిపోలలేదో కారణం చెప్పే భాగం రెండో దశలో.

ప్రతి పనికీ ఒక పేజీ రాసిపెట్టాం. సమస్య ఏమిటి, వాడేది ఎవరు, ఎప్పుడు పూర్తయినట్టు లెక్క, ఏవి చేయనక్కర్లేదు, సందేహం వస్తే ఎవర్ని అడగాలి. 'చేయనక్కర్లేనివి' అన్న వరుస చాలా కాపాడింది. ఇంటర్న్ మాట కాదనలేడని తెలిసి దారిన పోయే ప్రతివాళ్లూ "ఇదొక్కటి కూడా చేసి పెట్టవా" అంటారు. అప్పుడు ఆ పేజీ చూపించవచ్చు.

ఇక మెంటర్లు. ఒక మెంటర్‌కి ఒక్కరే ఇంటర్న్. మెంటర్ సొంత పనిలో ఐదో వంతు అధికారికంగా తగ్గించాలని పట్టుబట్టాను. వారానికి ఒక రోజన్నమాట. నోటిమాటగా కాదు, ప్లానింగ్ బోర్డులోనే ఆ రోజు కనిపించాలి. లేకపోతే మెంటరింగ్ అంటే సాయంత్రం ఆరు దాటాక మిగిలిన ఓపికతో చేసే పని అయిపోతుంది. మెంటర్ సెలవులో ఉంటే చూసుకోవడానికి రెండో మనిషి పేరు కూడా ముందే రాశాం.

దేని మీద అంచనా వేస్తామో ఆ పట్టిక మొదటి రోజే ఇంటర్న్‌ల చేతిలో పెట్టాం. అందులో నాలుగే అంశాలు: మొదలుపెట్టిన పనిని టెస్టులతో సహా చివరిదాకా తీసుకెళ్లడం, అస్పష్టంగా ఉన్నప్పుడు సమయానికి అడగడం, రివ్యూలో వచ్చిన మాటను తర్వాతి పనిలో కూడా పాటించడం, పని ఎక్కడిదాకా వచ్చిందో అడగకముందే చెప్పడం. ఒక్కోదానికి మూడు మెట్లు: ఇంకా రాలేదు, సాయంతో చేస్తారు, సొంతంగా చేస్తారు. ఆఫర్‌కి కావాల్సింది ఏ అంశంలోనూ కింది మెట్టు మీద ఉండకపోవడం, కనీసం రెండింటిలో పై మెట్టు. కొత్తగా చేరిన ఉద్యోగి ఆరు నెలలకు ఎలా ఉంటే తృప్తిపడతామో ఆలోచించి ఈ గీత గీశాం. ఒక సీనియర్ దీన్ని చూసి "డిజైన్ నైపుణ్యం ఏది?" అని అడిగాడు. అది మన కొత్త ఉద్యోగుల దగ్గరే చూడనప్పుడు ఇంటర్న్‌ల దగ్గర చూడటం న్యాయం కాదన్నాను.

పట్టిక కంటే వారం వారం రాసే నోట్సే మాకు ఎక్కువ పనికొచ్చాయి. మెంటర్ ప్రతి శుక్రవారం ఐదారు వాక్యాలు రాయాలి. 'యాటిట్యూడ్', 'చురుకైనవాడు', 'మన టీమ్‌కి సెట్ అవుతాడు' లాంటి మాటలు నిషేధం. ఏ రోజు ఏం జరిగిందో రాయాలి. ఇంటర్న్ ఆ నోట్ చదవొచ్చు, కింద తన మాట కూడా రాయొచ్చు. మొదటి వారం సెటిల్‌మెంట్ పని చేస్తున్న అబ్బాయి మీద వచ్చిన నోట్ "బాగా కష్టపడుతున్నాడు, డీటెయిల్స్ మీద ఇంకా దృష్టి పెట్టాలి" అని ఉంది. దాన్ని వెనక్కి పంపాను. తిరిగొచ్చింది ఇలా ఉంది: "మొత్తాలను దశాంశ సంఖ్యలుగా పోల్చాడు, అందుకే సరిపోయే ఎంట్రీలు కూడా కొన్ని తేడాగా కనిపించాయి. చిన్న యూనిట్‌లోకి మార్చి పూర్ణసంఖ్యలుగా పోల్చమని మంగళవారం రివ్యూలో చెప్పాను. బుధవారం అది మార్చాడు, అలాంటివే ఇంకో రెండు చోట్ల తనే వెతికి సరిచేశాడు." రెండో నోట్‌తో పట్టికలో మూడో అంశానికి నేరుగా ఆధారం దొరికింది.

అదే అబ్బాయి పని నాలుగో వారానికి వాడకంలోకి వచ్చింది. అకౌంట్స్ ఆవిడ రెండు రోజులు వాడి, "బాబూ, రోజూ కొన్ని ఎంట్రీలు ఎక్కువ వచ్చినట్టు చూపిస్తోంది, మర్నాడు అవే తప్పిపోయినట్టు చూపిస్తోంది" అన్నారు. వాడు మెంటర్ దగ్గరికి పరుగెత్తకుండా ముందు ఆ ఎంట్రీల సమయాలన్నీ ఒక వరుసలో పెట్టి చూశాడు. అన్నీ అర్ధరాత్రి దాటాక, తెల్లవారుజామున ఐదున్నరలోపు ఉన్నవే. గేట్‌వే ఫైలు మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనకుండే యూటీసీ ప్రకారం రోజును ముగిస్తోంది, మా ఇన్‌వాయిస్‌లు స్థానిక సమయం ప్రకారం. అక్కడిదాకా సొంతంగా వచ్చి, ఏ సమయాన్ని ప్రమాణంగా తీసుకోవాలన్న ప్రశ్న ఒక్కటే పట్టుకుని మెంటర్ దగ్గరికి వెళ్లాడు. ఆ ప్రశ్న నిజానికి అతను తేల్చదగ్గది కాదు, అకౌంట్స్ వాళ్లు తేల్చాలి. ఎక్కడిదాకా తనే చూసుకోవాలో, ఎక్కడ అడగాలో తెలియడమంటే ఇదే. ఇది ఏ ఇంటర్వ్యూలోనూ బయటపడదు. ఎవరూ వాడని ప్రాజెక్ట్ ఇచ్చి ఉంటే ఇక్కడా బయటపడేది కాదు.

ఆరో వారం చివర మధ్యంతర సమీక్ష పెట్టాం. ఇందులో ఒక నియమం: ఇప్పుడున్న తీరులోనే కొనసాగితే ఆఫర్ వస్తుందా రాదా అన్నది మెంటర్, మేనేజర్ కలిసి కూర్చుని సూటిగా చెప్పాలి. మనవాళ్లకు ఇది మహా కష్టం. "పర్వాలేదు, ఇంకొంచెం ఇంప్రూవ్ అవ్వాలి" అనేస్తారు. విన్నవాళ్లకు 'పర్వాలేదు' ఒక్కటే చెవిన పడుతుంది. అందుకే ఆ వాక్యం రాసి, మెంటర్‌తో గట్టిగా చదివించేవాణ్ణి.

ఈ సమీక్షకు ముందు నేను ఇంకో పని చేశాను. ఒక అమ్మాయి బాగా వెనకబడిందని ఆమె మెంటర్ అన్నాడు. నోట్సులో కూడా పని కదలట్లేదనే ఉంది. వెంటనే ఒప్పుకోకుండా ఆమె పనికి సంబంధించిన తేదీలన్నీ ఒక వరుసలో పెట్టించాను: కోడ్ రివ్యూకి ఎప్పుడు పంపింది, జవాబు ఎప్పుడు వచ్చింది, యాక్సెస్ ఎప్పుడు అడిగింది, ఎప్పుడు దొరికింది. టెస్ట్ డేటాబేస్‌కి అనుమతి అడిగింది మొదటి వారంలో, వచ్చింది మూడో వారం మధ్యలో. ఆ తర్వాత మెంటర్ ఒక అత్యవసర రిలీజ్‌లో పడి ఆమె పంపిన రెండు రివ్యూలను రోజుల తరబడి చూడలేదు. ఆ ఖాళీలో ఆమె ఊరికే కూర్చోలేదు, టెస్టులు రాసుకుంది, ఎదురుచూస్తున్నానని ప్రతి రెండు రోజులకూ గ్రూపులో చెప్పింది కూడా. ఆలస్యం మాది, ఆమెది కాదు. ఇలాంటప్పుడు "మొత్తం మీద తక్కువ పని చేసింది" అని రేటింగ్ తగ్గించడం ఎంత సులువో, ఎంత అన్యాయమో ఆ తేదీల వరుస చూస్తే తెలుస్తుంది. పని పరిధిని కుదించి, ఆమెను పూర్తిగా రెండో మెంటర్‌కి అప్పగించాం. రేటింగ్ జోలికి పోలేదు. అప్పటి నుంచి ఒక్క అంకె మాత్రం నేనే వారం వారం చూసేవాణ్ణి: ఇంటర్న్ పంపిన రివ్యూ ఎన్ని పని గంటలు ఎదురుచూసింది. ఒక రోజు దాటితే ఫోన్ మెంటర్‌కి వెళ్తుంది, ఇంటర్న్‌కి కాదు.

నిర్ణయం పదకొండో వారంలో పెట్టాం. మొత్తం పదమూడు వారాలు కాబట్టి ఆఖరి వారం దాకా ఆగొచ్చు కదా అన్నారు. ఆఫర్ రానివాళ్లు వేరే చోట ప్రయత్నాలు మొదలుపెట్టుకోవడానికి, స్టైపెండ్ వస్తుండగానే, కనీసం రెండు వారాలు ఉండాలి. అందరి ముందూ ఇచ్చే డెమోని కూడా కావాలనే నిర్ణయం తర్వాతికి నెట్టాను. బాగా మాట్లాడేవాళ్లు పదిహేను నిమిషాల డెమోతో మూడు నెలల నోట్సుని కప్పేయగలరు. ఒక మంచి గుణం చూసి మిగతావన్నీ మంచివే అనుకోవడాన్ని హాలో ఎఫెక్ట్ అంటారు. ఎవరికీ దాని నుంచి మినహాయింపు లేదు, నాతో సహా.

నిర్ణయం తీసుకునే మీటింగ్‌లో మెంటర్, మేనేజర్, ఆ ఇంటర్న్ కోడ్‌ని రివ్యూ చేసిన ఇంకొకరు, వేరే టీమ్ నుంచి ఒకరు ఉంటారు. ముందు అందరూ నోట్సు, కోడ్ చదివి, మాట్లాడుకోకుండా ఎవరి అంచనా వాళ్లు రాసిస్తారు. తర్వాతే చర్చ. మెంటర్ ఆఖరున మాట్లాడాలి. ఎందుకంటే మూడు నెలలు పక్కన కూర్చున్న మనిషి నోరు తెరిస్తే మిగతావాళ్లు అటే మొగ్గుతారు.

నలుగురిలో ముగ్గురికి ఆఫర్ వచ్చింది. సెటిల్‌మెంట్ అబ్బాయి, తేదీల వరుస అమ్మాయి ఇద్దరూ ఆ ముగ్గురిలో ఉన్నారు. రానిది అందరికీ ఇష్టమైన కుర్రాడికి. చలాకీ మనిషి, ఆఫీసులో అతన్ని తెలియనివాళ్లు లేరు. మీటింగ్‌లో ఇద్దరు "వాడికి రాకపోవడమేంటి?" అన్నారు. నోట్సు తీసి చూస్తే, పని ఎక్కడ ఆగిందో ఎప్పుడూ ముందు చెప్పలేదు, ప్రతిసారీ గడువు రోజున బయటపడింది. ఆరో వారంలో ఈ మాటే అతనితో చెప్పాం, ఆ తర్వాత కూడా మారలేదని మరో మూడు శుక్రవారాల నోట్సులో ఉంది. నాలుగో అంశంలో కింది మెట్టు. పట్టిక మీద ఆఫర్ లేదు. మేనేజర్‌తో పాటు నేనూ కూర్చుని చెప్పాను. బాధపడ్డాడు, కానీ ఆశ్చర్యపోలేదు. "ఆరో వారంలోనే చెప్పారు కదండీ" అన్నాడు. ఏ పని చేశాడో, అందులో ఎంత భాగం వాడకంలో ఉందో వివరంగా రాసి లెటర్ ఇచ్చాం. మూడు నెలల్లో రాయదగ్గ పని చేశాడు కాబట్టి అది రాయడం కష్టం కాలేదు.

ఆఫర్ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఇంటర్న్‌లు ఎలాగూ లోపలే ఉన్నారు, బయట నుంచి వచ్చే కొత్తవాళ్ల కంటే జీతం కాస్త తగ్గించొచ్చని ఫైనాన్స్ అభిప్రాయం. వాళ్లకి మన పని వచ్చు, నేర్పాల్సిన ఖర్చు మిగిలింది, తగ్గిస్తే తర్కం తలకిందులవుతుంది కదా అన్నాను. జీతం అదే స్థాయికి వచ్చింది. మళ్లీ ఇంటర్వ్యూ పెట్టకూడదన్నది కూడా ఒప్పుకున్నారు. ఆఫర్‌కి జవాబు చెప్పడానికి రెండు వారాలు ఇచ్చాం, వేరే ఆఫర్లతో పోల్చుకోవడం వాళ్ల హక్కు. ముగ్గురిలో ఒకరు పై చదువుకి వెళ్తానని వద్దన్నారు, ఇద్దరు చేరారు. మిగిలిన రెండు పోస్టులకు మామూలు పద్ధతిలో ప్రకటన ఇచ్చాం.

ప్రొబేషన్ విషయం మాత్రం చాలా మెయిళ్లు నడిచాక తేలింది. అందరిలాగే వీళ్లకూ ఆరు నెలలు ఉండాలని హెచ్ఆర్, అసలు ఉండకూడదని నేను. మూడు నెలలు పని చూసే కదా ఆఫర్ ఇచ్చాం, మళ్లీ మొదటి నుంచి పరీక్షిస్తామంటే ఆ మూడు నెలలు దేనికి చూసినట్టు? ఇంటర్న్‌షిప్ కాలాన్ని ప్రొబేషన్‌లో కలిపి, మిగిలిన మూడు నెలలే ఉంచడానికి ఒప్పందం కుదిరింది. తర్వాతి బ్యాచ్ ప్రకటనలో ఈ వాక్యాన్ని సీట్ల సంఖ్య కిందనే వేశాం.